తిప్పతీగ తాగిన 46 రోజులకు

పల్లెలో పెరిగినవాళ్లకు తిప్పతీగను ఎవరూ చూపించక్కర్లేదు. వేపచెట్టునో, పాత గోడనో, కంచెనో పట్టుకుని పైకి పాకుతుంది. ఆకు తమలపాకును తలపిస్తుంది. కాండం మీద కాగితం లాంటి పలచటి పొర ఉంటుంది, గోటితో గీకితే కింద ఆకుపచ్చగా కనిపిస్తుంది. అడ్డంగా కోస్తే లోపల బండిచక్రం ఆకుల్లా మధ్య నుంచి అంచుదాకా గీతలు ఉంటాయి. సంస్కృత నిఘంటువుల్లో దీనికి చక్రలక్షణిక అన్న పేరు అందుకే వచ్చింది. కోసిన ముక్కను కంచె మీద పడేసినా కొన్నాళ్లకు చిగురుస్తుంది. అమృత అన్న మరో పేరుకు ఈ మొండితనం కూడా తగినట్టే ఉంటుంది. ఆయుర్వేదంలో ఎక్కువగా వాడే పేరు గుడూచి. జ్వరం వస్తే నాలుగు ముక్కలు దంచి కషాయం కాచి, తగ్గేదాకా రెండు మూడు రోజులు తాగడం మన ఇళ్లలో కొత్తేమీ కాదు.

2020లో ఇదే తీగ గిలోయ్ అన్న హిందీ పేరుతో సీసాల్లో, మాత్రల్లో మన ఇళ్లకు తిరిగొచ్చింది. కోవిడ్‌కు అప్పటికి మందు లేదు, టీకా లేదు, ఇమ్యూనిటీ అన్న మాట మాత్రం అందరి నోటా ఉంది. ఆ ఏడాది అక్టోబరులో కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ విడుదల చేసిన చికిత్సా విధానంలో కోవిడ్ రాకుండా వాడదగ్గ వాటిలో గుడూచి కూడా ఉంది. నీటితో తీసిన సారం 500 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, గోరువెచ్చని నీళ్లతో, 15 రోజులు లేదా ఒక నెల. ఈ చివరి మాటను గుర్తుపెట్టుకోవాలి. శాఖ సూచించిన వాడకానికి ఒక గడువు ఉంది. జనం దగ్గరికి వచ్చేసరికి గడువు జారిపోయింది, మందు మాత్రం మిగిలింది. పొద్దున్నే కాఫీకి ముందు 30 మిల్లీలీటర్ల జ్యూసు, నెలల తరబడి, ఇంట్లో అందరికీ.

అదే ఏడాది సెప్టెంబరు, డిసెంబరు మధ్య ముంబయిలో కాలేయ వైద్యులు ఆరుగురు రోగుల్లో ఒక వింత పోలికను గమనించారు. కామెర్లు ఉన్నాయి, మామూలుగా కామెర్లు తెప్పించే వైరస్‌లు మాత్రం లేవు. రక్తంలో, బయాప్సీలో చూస్తే ఆటో ఇమ్యూన్ హెపటైటిస్ లాంటి లక్షణాలు ఉన్నాయి. అంటే శరీరంలోని రక్షణ వ్యవస్థే పొరబడి సొంత కాలేయం మీద దాడి చేస్తున్న తీరు. ఆరుగురూ తిప్పతీగ వాడినవాళ్లే. వాళ్లలో ఒకరు చనిపోయారు. ఆ రోగికి అంతకుముందే కాలేయం దెబ్బతిని ఉంది. 2021లో ఈ వివరాలు పత్రికలో రాగానే పెద్ద గొడవే అయింది.

ఆరుగురి కథ మీద ఎంత వాదనైనా చేయొచ్చు. 2022లో వచ్చిన రెండో అధ్యయనం అలా కొట్టిపారేసేది కాదు. దేశంలోని 13 కేంద్రాల నుంచి 43 మంది రోగుల వివరాలు కలిపి చూశారు. హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి వైద్యులు కూడా అందులో ఉన్నారు. తిప్పతీగ మొదలుపెట్టిన రోజు నుంచి లక్షణాలు కనిపించే దాకా పట్టిన కాలం చూస్తే, మధ్యస్థ విలువ 46 రోజులు. అంటే సగం మందికి అంతకన్నా ముందే, సగం మందికి ఆ తర్వాత. సగానికి కాస్త ఎక్కువ మంది ఆడవాళ్లు. ఎక్కువగా కనిపించిన రూపం అప్పటికే ఉన్న కాలేయ జబ్బు ఉన్నట్టుండి ముదరడం. మూడింట రెండు వంతుల కేసుల్లో, కారణం తేల్చడానికి వాడే పాయింట్ల లెక్క ప్రకారం, తిప్పతీగే కారణమై ఉండే అవకాశం బలంగా ఉందని తేలింది. మిగతావాళ్లలో ఆ సంబంధం అంత గట్టిగా నిలబడలేదు.

46 రోజులన్నది చిన్న వివరంలా కనిపిస్తుంది కానీ అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఏదైనా తిన్న పూటే కడుపులో తిప్పితే దాన్ని అనుమానిస్తాం. నెలన్నర పాటు హాయిగా తాగాక కళ్లు పచ్చబడితే దాని మీద అనుమానం రాదు. "ఇన్నాళ్లూ బాగానే ఉంది కదా" అనుకుంటాం. రక్షణ వ్యవస్థ ద్వారా జరిగే కాలేయ నష్టానికి ఈ ఆలస్యం సహజమే. విషం తాగితే గంటల్లో తెలుస్తుంది. ఇక్కడ జరిగేది అది కాదు. తిప్పతీగలో ఉండే కొన్ని చక్కెర గొలుసులు, అంటే పాలీశాకరైడ్లు, రక్షణ కణాలను చురుకు చేస్తాయని ప్రయోగశాలల్లో చాలాకాలం క్రితమే చూశారు. ఇమ్యూనిటీ పెంచుతుంది అన్న ప్రచారానికి ఆధారం కూడా అదే. ఆ చురుకుదనం ఎవరి శరీరంలో ఏ దిక్కుకు మళ్లుతుందన్నది ముందుగా తెలియదు. ఆటో ఇమ్యూన్ ధోరణి లోపల నిద్రపోతున్న మనిషిలో దాన్ని లేపుతుందని వైద్యుల అనుమానం. ఇది ఇంకా పూర్తిగా రుజువైన సంగతి కాదు, కానీ బయాప్సీల్లో కనిపించిన దానితో సరిపోతుంది.

ఆసుపత్రిలో ఇది ఎలా బయటపడుతుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. 48 ఏళ్ల గృహిణి అనుకుందాం. థైరాయిడ్ మాత్ర పదేళ్లుగా వాడుతోంది. రెండు నెలలుగా రోజూ పొద్దున గిలోయ్ జ్యూసు. వారం నుంచి నీరసం, అన్నం సయించడం లేదు, మూత్రం చిక్కటి పసుపు రంగులో వస్తోంది. ఆ తర్వాత కళ్లు పచ్చబడ్డాయి. డాక్టరు అడిగే మొదటి ప్రశ్న, "మందులేవైనా వాడుతున్నారా అమ్మా?" జవాబు, "థైరాయిడ్‌ది ఒక్కటేనండీ." సంభాషణ అక్కడే ఆగిపోతే కారణం ఎప్పటికీ దొరకదు. అనుభవం ఉన్న డాక్టరు ఇంకో మాట అడుగుతారు. "కషాయాలు, జ్యూసులు, పొడులు ఏమైనా?" అప్పుడు వస్తుంది అసలు జవాబు. "గిలోయ్ తాగుతున్నానండీ. అది మందు కాదు కదా!"

లివర్ ఫంక్షన్ టెస్టు రిపోర్టులో ఎస్‌జీపీటీ, అంటే కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ఎంజైమ్, 820 ఉందనుకుందాం. దాని గరిష్ఠ పరిమితి సుమారు 40. అంటే ఇరవై రెట్లు పైన. పైత్యరసం పారే దారిలో ఇబ్బంది ఉంటే పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 150, దాని పరిమితి 120, కాస్తే పెరిగింది. ఈ రెండింటినీ వాటి వాటి పరిమితులతో భాగించి, మొదటిదాన్ని రెండోదానితో మళ్లీ భాగిస్తారు. 20.5ను 1.25తో భాగిస్తే 16.4 వస్తుంది. ఆ సంఖ్య 5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే దెబ్బ ప్రధానంగా కాలేయ కణాలకే తగిలిందని అర్థం. 2 గానీ తక్కువ గానీ ఉంటే పైత్యరసం పారే దారిలో అడ్డు ఉందని అర్థం. కామెర్ల పసుపు తెచ్చే బిలిరుబిన్ 6.2. మామూలుగా అది 1 దగ్గర ఉండాలి, 3 దాటేసరికి కళ్లలో పసుపు స్పష్టంగా కనిపిస్తుంది.

ఎస్‌జీపీటీ, బిలిరుబిన్ రెండూ కలిసి పెరగడమే వైద్యులకు టెన్షన్ పెట్టే విషయం. ఎస్‌జీపీటీ ఒక్కటే కొద్దిగా పెరిగితే చాలాసార్లు దానంతట అది సర్దుకుంటుంది. ఎస్‌జీపీటీ పరిమితికి మూడు రెట్లు దాటి, దానితోపాటు బిలిరుబిన్ రెండు రెట్లు దాటి, వేరే కారణం కనిపించకపోతే, మందుల వల్ల వచ్చిన కాలేయ దెబ్బల్లో అది ప్రమాదకరమైన రకం. అలాంటి రోగుల్లో సుమారు 10 శాతం మంది చనిపోవడమో, కాలేయ మార్పిడి దాకా వెళ్లడమో జరుగుతుందని వైద్యంలో పాత లెక్క ఒకటుంది. అందుకే ఆమెకు వెంటనే ఐఎన్ఆర్ కూడా చూస్తారు. రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చెప్పే పరీక్ష అది. గడ్డకట్టించే పదార్థాలు కాలేయంలోనే తయారవుతాయి కాబట్టి, ఐఎన్ఆర్ 1.5 దాటిందంటే ఫ్యాక్టరీయే మూతపడుతోందన్నమాట. దానికి తోడు మనిషి మగతగా, తికమకగా మాట్లాడితే అది ఐసీయూ కేసు.

ఇక నేరం తిప్పతీగదేనని ఎలా తేలుస్తారు? నేరుగా చెప్పే పరీక్ష లేదు. మిగతావాటిని ఒక్కొక్కటిగా పక్కన పెట్టుకుంటూ రావాలి. మన దగ్గర నీళ్ల ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ, ఇ మొదటి అనుమానితులు. తర్వాత బి, సి. స్కానింగులో పైత్యనాళంలో రాయి లేదని చూడాలి. మద్యం సంగతి అడగాలి, పారాసెటమాల్, టీబీ మందుల సంగతి అడగాలి. ఆ తర్వాత ఆటో ఇమ్యూన్ జబ్బుల్లో కనిపించే ఏఎన్ఏ లాంటి యాంటీబాడీలు, ఐజీజీ మోతాదు చూడాలి. మన ఉదాహరణలో ఏఎన్ఏ పాజిటివ్ వస్తుంది. అక్కడ అసలు తిరకాసు మొదలవుతుంది. ఈమెకు నిజంగానే ఆటో ఇమ్యూన్ హెపటైటిస్ ఉండి, తిప్పతీగ యాదృచ్ఛికంగా తాగి ఉండొచ్చు. లేదా తిప్పతీగే ఆ వేషం వేసి ఉండొచ్చు. బయాప్సీ చేసినా రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి.

జవాబు కాలమే చెప్పాలి. జ్యూసు ఆపేస్తారు. అవసరమైతే స్టెరాయిడ్ ఇస్తారు. నాలుగు వారాల్లో ఎస్‌జీపీటీ 820 నుంచి 150కి దిగితే అనుమానం బలపడుతుంది. స్టెరాయిడ్‌ను మెల్లగా తగ్గించి పూర్తిగా మానేశాక కూడా అంకెలు మామూలుగానే ఉంటే తిప్పతీగ మీద నేరం చాలావరకు ఖాయమైనట్టే. స్టెరాయిడ్ మానగానే మళ్లీ పెరిగితే లోపల అసలు జబ్బే ఉందని, తిప్పతీగ దాన్ని బయటికి లాగి ఉండొచ్చని అనుకోవాలి. మళ్లీ జ్యూసు తాగించి చూస్తే తేలిపోతుంది కదా అనిపించవచ్చు. ఆ పరీక్ష ఎవరూ చేయకూడదు. రెండోసారి వచ్చే దెబ్బ మొదటిదానికన్నా వేగంగా, గట్టిగా ఉండొచ్చు. తగ్గింది కదా అని ఇంట్లో మిగిలిన సీసాను మళ్లీ తెరవడం కూడా అదే పరీక్ష.

ఆయుష్ శాఖ వాదన వేరు. తిప్పతీగ వల్ల కాలేయం దెబ్బతింటుందనడం తప్పుదారి పట్టించడమేనని, ఆ రోగులు వాడింది అసలు తిప్పతీగ అవునో కాదో తేల్చలేదని 2021 జులైలో చెప్పింది. 2022 ఫిబ్రవరిలో ఇంకో ప్రకటన చేస్తూ, తిప్పతీగ శాస్త్రీయ నామం టినోస్పోరా కార్డిఫోలియా అని, దాన్ని పోలిన టినోస్పోరా క్రిస్పా అనే తీగకు హాని చేసే గుణం ఉండొచ్చని, తేడా ఇలా గుర్తించమని వివరించింది. అసలు తీగ కాండం ఆకుపచ్చగా ఉంటుంది, మీద బుడిపెలు ఉండవు, కోస్తే పాలు కారవు. క్రిస్పా కాండం బూడిద రంగులో, బుడిపెలతో ఉంటుంది, పాలలాంటి ద్రవం వస్తుంది. మొదటిదాని పువ్వుకు ఆరు రేకులు, రెండోదానికి మూడు. మొదటిదాని పండు గుండ్రంగా ఎర్రగా, రెండోదానిది కోలగా నారింజ రంగులో ఉంటుంది.

ఈ వాదనలో పస లేదనలేం. క్రిస్పా వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు విదేశాల్లోనూ నమోదయ్యాయి. పెరట్లో తీగ కోసుకునేవాళ్లకు ఈ గుర్తులు నిజంగా పనికొస్తాయి. కానీ మందుల షాపులో సీసా కొనేవాళ్లకు రేకులు లెక్కపెట్టే వీలెక్కడిది? పొడి అయ్యాక, రసం అయ్యాక బుడిపెలూ కనిపించవు, పాలూ కనిపించవు. తప్పు తీగ కలిసిందే కారణమైతే, అది తీగను గట్టెక్కించే వాదనే తప్ప సీసాను కాదు. అసలు తీగ అయినా, తప్పు తీగ అయినా తాగినవాళ్ల కాలేయానికి తేడా ఉండదు.

సీసాకూ కషాయానికీ ఉన్న తేడా గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. తిప్పతీగ ఒకటే, రూపాలు చాలా. తీగను దంచి నీళ్లలో నానబెట్టి, వడకట్టి, అడుగున పేరుకున్న తెల్లటి పదార్థాన్ని ఎండబెడితే తిప్పసత్తు వస్తుంది. అందులో అధికభాగం పిండిపదార్థమే. అదే తీగను కషాయంగా కాచి, ఆ కషాయాన్ని చిక్కబడేదాకా మరిగించి ఉండ చేస్తే ఘనవటి. అందులో నీటిలో కరిగేదంతా కుదించి ఉంటుంది. అంటే 500 మిల్లీగ్రాముల సత్తు, 500 మిల్లీగ్రాముల ఘనసారం ఒకటి కావు. జ్యూసు సీసాల్లో ఎంత తీగకు ఎంత రసం అన్నది ఒక కంపెనీకీ ఇంకో కంపెనీకీ పోలిక ఉండదు. పైగా ఉసిరి, తులసి, కలబంద, వేప, పసుపు అన్నీ ఒకే సీసాలో ఉంటే, దెబ్బ తగిలినప్పుడు ఏది కొట్టిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

తిప్పతీగ ఒక్కదాన్నే బోనులో నిలబెట్టడం న్యాయం కాదు కాబట్టి అశ్వగంధ సంగతి కూడా చెప్పాలి. 2020లో ఐస్‌లాండ్, అమెరికాల నుంచి ఐదుగురి వివరాలు వచ్చాయి. ఇక్కడ తీరు వేరు. ఒళ్లంతా భరించలేని దురద, కామెర్లు, పైత్యరసం పారకుండా ఆగిపోవడం. మొదలుపెట్టిన 2 నుంచి 12 వారాల్లో కనిపించింది, మానేశాక కొన్ని నెలల్లో నలుగురు కోలుకున్నారు, ఐదో రోగి సంగతి ఆ తర్వాత తెలియలేదు. తర్వాత మన దేశంలోనూ కేసులు నమోదయ్యాయి. అప్పటికే కాలేయ జబ్బు ఉన్నవాళ్లలో మరణాలు కూడా ఉన్నాయి. డెన్మార్క్ 2023లో అశ్వగంధను నిషేధించింది. ఇక పసుపు. కూరలో వేసే పసుపు గురించి ఇక్కడ భయం అక్కర్లేదు. ఒంటికి పట్టడం కోసం మిరియాల సారం కలిపి అమ్మే కర్క్యుమిన్ మాత్రల గురించి మాత్రం ఆలోచించాలి. అమెరికాలో పసుపు మాత్రల వల్ల కాలేయం దెబ్బతిన్న 10 మందిని పరీక్షిస్తే ఏడుగురిలో ఒకే రకం జన్యు గుర్తు కనిపించింది. అదే మాత్ర పక్కింటాయనకు ఏమీ చేయకుండా ఒకరిని మాత్రమే ఎందుకు కొడుతుందన్నదానికి దొరికిన మంచి ఆధారాల్లో ఇదొకటి. అమెరికాలో ఉండే మన పిల్లలు అమ్మానాన్నలకు కొని పంపే డబ్బాల్లో ఇవి తరచుగా ఉంటాయి.

ఇదంతా చదివి తిప్పతీగ ప్రతి ఒక్కరినీ దెబ్బతీస్తుందనుకోవడం కూడా పొరపాటే. కోవిడ్ రోజుల్లో దీన్ని తాగినవాళ్లు లెక్కలేనంత మంది. ఆసుపత్రుల్లో నమోదైనవి పదుల్లో. ఇది అరుదైన నష్టమే. ఎంత అరుదు అన్నదానికి అంకె లేకపోవడానికి కారణం, ఎంతమంది తాగారో, ఎంతమందికి కామెర్లు వచ్చి లెక్కలోకి రాకుండా పోయాయో ఎవరూ లెక్కపెట్టలేదు. కానీ అరుదు అన్న మాట అందరికీ ఒకేలా వర్తించదు. కొందరి విషయంలో ప్రమాదం ఎక్కువ, వాళ్లెవరో చాలావరకు ముందే తెలుసు. కాలేయంలో కొవ్వు పేరుకుని, లేదా మద్యం వల్ల, లేదా హెపటైటిస్ బి వల్ల ఇప్పటికే దెబ్బ ఉన్నవాళ్లు. ఆటో ఇమ్యూన్ రకం థైరాయిడ్, కీళ్లవాతం, సోరియాసిస్, లూపస్ ఉన్నవాళ్లు. కిడ్నీ లేదా కాలేయం మార్పిడి చేయించుకుని, రక్షణ వ్యవస్థను అణచే మందులు వాడేవాళ్లు. ఒక చేత్తో దాన్ని అణచే మాత్ర, ఇంకో చేత్తో దాన్ని రెచ్చగొట్టే జ్యూసు తీసుకోవడంలో అర్థం లేదు. షుగరు మాత్రలు వాడేవాళ్లకు సమస్య వేరు. తిప్పతీగకు రక్తంలో చక్కెరను తగ్గించే గుణం ఉంది కాబట్టి షుగరు మరీ పడిపోవచ్చు.

చిక్కేమిటంటే, కొవ్వు పట్టిన కాలేయం ఉన్న సంగతి చాలామందికి తెలియదు. నొప్పి ఉండదు, కామెర్లు ఉండవు. రోజూ ఏదో ఒక మూలికా మాత్ర నెలల తరబడి వాడాలనుకునేవాళ్లు మొదలుపెట్టే ముందు ఒకసారి లివర్ ఫంక్షన్ టెస్టు చేయించుకోవడం తెలివైన పని. మొదటి అంకె చేతిలో ఉంటే, రేపు ఏదైనా తేడా వచ్చినప్పుడు అది కొత్తదా పాతదా తెలుస్తుంది.

తెలుగునాట ఈ కథకు ఒక ప్రత్యేకమైన మలుపు ఉంది. కళ్లు పచ్చబడగానే మనవాళ్లలో చాలామంది ఆసుపత్రికి వెళ్లరు, పసరు పోయించుకోవడానికి వెళ్తారు. దానికి తోడు పథ్యం. హెపటైటిస్ ఎ, ఇ కామెర్లు ఎక్కువమందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి కాబట్టి పేరు పసరుకు వస్తుంది. మూలిక వల్లే కాలేయం దెబ్బతిన్న మనిషి విషయంలో ఇది తిరగబడుతుంది. దెబ్బ తగిలిన చోటే, ఏముందో తెలియని ఇంకో ఆకు రసం పోసినట్టవుతుంది. పసరు తాగుతున్నాం కదా అని, ఇంట్లో ఉన్న జ్యూసు ఆపాలన్న ఆలోచన కూడా రాదు. ఆ రెండు మూడు వారాల్లోనే ఐఎన్ఆర్ చేయి దాటిపోయే ప్రమాదం ఉంది.

అన్నం సయించకపోవడం, విపరీతమైన నీరసం, చిక్కటి మూత్రం, ఒళ్లు దురద. వీటిలో ఏది కనిపించినా, కళ్లు పచ్చబడేదాకా ఆగకుండా అన్ని మూలికలూ అదే రోజు మానేసి రక్తపరీక్ష చేయించుకోవాలి. సీసాను మాత్రం పారేయకూడదు. బ్యాచ్ నంబరుతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అందులో ఏముందో పరీక్షించడానికి మిగిలే ఆధారం అదొక్కటే. మందుల దుష్ఫలితాలను రోగులే నేరుగా తెలపడానికి కేంద్రం నడిపే టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024 ఉంది. ఆయుర్వేద మందుల దుష్ఫలితాలను నమోదు చేయడానికి ఆయుష్ శాఖకు కూడా ప్రత్యేక వ్యవస్థ ఉంది. డాక్టరు అడిగినా అడగకపోయినా, వాడే మందుల పట్టీలో జ్యూసు పేరు, ఎప్పుడు మొదలుపెట్టారో ఆ తేదీ కూడా రాసి ఇవ్వాలి.